మొదటి నెలసరి: పాపకు ఎలా చెప్పాలి, ఎంతవరకు మామూలు, ఎప్పుడు డాక్టర్ దగ్గరకు వెళ్లాలి

ప్రశ్న: మా పాపకు 11 నిండాయి, ఆరో తరగతి. ఏడాదిన్నర కిందట ఛాతీ రావడం మొదలైంది, ఈ మధ్య లోదుస్తులకు తెల్లగా అంటుకుంటోంది. వాళ్ల క్లాసులో ఇద్దరు ఇప్పటికే పెద్దమనుషులయ్యారట. నాకు మా అమ్మ ఏమీ చెప్పలేదు, అందుకే ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. మా అత్తయ్య గారేమో "ఇప్పుడే చెప్పి పిల్లను భయపెట్టకు" అంటున్నారు. పాపకు ఏం చెప్పాలి? ఏది మామూలు, దేనికి డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లాలి?

జవాబు:

ఈ వారంలోనే మొదలుపెట్టండి. ఛాతీ రావడం మొదలైన రెండు, రెండున్నర ఏళ్లకు మొదటి నెలసరి వస్తుంది, తెల్లగా కనిపించడం మొదలైతే సాధారణంగా ఇంకో ఆరు నెలలు, ఏడాది అన్నట్టు లెక్క. మీ పాప విషయంలో ఆ రెండూ ఉన్నాయి కాబట్టి ఏడాదిలోపు రావచ్చు, వచ్చే వారమే వచ్చినా ఆశ్చర్యపోకండి. ఆ తెల్లది రోగం కాదు. దురద, మంట, చెడు వాసన ఉన్నా, పెరుగు విరిగినట్టు ముద్దలుగానో ఆకుపచ్చగానో కనిపించినా అప్పుడు చూపించాలి, లేకపోతే దాని గురించి టెన్షన్ వద్దు.

నేను 22 ఏళ్లుగా ఆసుపత్రిలో స్త్రీల వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను, నాకూ ఇద్దరు ఆడపిల్లలు. మీ అత్తయ్య గారి భయం నాకు అర్థమవుతుంది, కానీ పిల్లలు భయపడేది చెప్పినందుకు కాదు, ఏమీ తెలియకుండా ఒక్కసారిగా రక్తం చూసినందుకు. ఒక అమ్మాయి లోపల ఏదో తెగిపోయిందనుకుని రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా పాత చున్నీ ముక్కలు పెట్టుకుని స్కూలుకు వెళ్లింది. ఆ పిల్ల మా దగ్గరకు వచ్చింది వేరే కారణంతో, మాటల్లో బయటపడింది ఈ సంగతి.

ఇంకో మాట ముందే చెప్తాను. చాలామంది తల్లులు ఈ మధ్య పిల్లలకు ముందే చెప్తున్నారు, మంచిదే, కానీ "భయపడకు, అందరికీ వచ్చేదే, మామూలే" అని అక్కడితో ఆపేస్తున్నారు. నాకు ఇబ్బందంతా ఆ మాటతోనే. ఎంతవరకు మామూలో చెప్పకుండా మామూలే అంటే, పిల్లకు 15 రోజులు రక్తం పోతున్నా ఇదీ మామూలేమో అనుకుంటుంది. మీకు 25, 30 ఏళ్ల అనుభవం ఉంది, పోల్చుకోవడానికి మీ గత నెల ఉంది. ఆమెకు అదే మొదటిది, దేనితో పోల్చుకుంటుంది? కాబట్టి ధైర్యంతో పాటు కొలత కూడా ఇవ్వాలి. ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని ప్యాడ్లు, ఎంత నొప్పి, ఎంత గ్యాప్. ఈ నాలుగూ తెలిసిన పిల్ల తేడా వస్తే తనే వచ్చి చెప్తుంది.

ఎలా మొదలుపెట్టాలంటే, ఎదురుగా కూర్చోబెట్టి "నీతో ఒక ముఖ్యమైన విషయం మాట్లాడాలి" అనకండి. ఆ మాటకే పిల్ల బిగుసుకుపోతుంది. నేను మా పెద్దమ్మాయికి జడ వేస్తూ మొదలుపెట్టాను. వెనక నేను, ముందు తను, ఒకరి మొహం ఒకరికి కనిపించదు, మధ్యలో లేచి వెళ్లిపోవడానికీ ఉండదు. అరగంట ఉపన్యాసం కాకుండా రోజుకు పది నిమిషాల చొప్పున మూడు నాలుగు రోజులు సాగింది మా మాట.

"మీ క్లాసులో ఎవరైనా పెద్దమనిషి అయ్యారా నాన్నా?" అని అడిగాను.

"ఒకమ్మాయి పది రోజులు రాలేదు. ఎందుకంటే ఎవరూ చెప్పట్లేదు" అంది.

"నీకేమనిపించింది?"

"జ్వరం అనుకున్నా. తర్వాత ఎవరో రక్తం వస్తుందన్నారు. నిజమా అమ్మా? ఎక్కడి నుంచి?"

అక్కడ తడబడకుండా చెప్పాలి. "అక్కడి నుంచి" అంటే పిల్లకు అర్థం కాదు, చాలామంది మూత్రంతో పాటే రక్తం వస్తుందనుకుంటారు. నేను ఇలా చెప్పాను: "మూత్రం వచ్చే దారి ముందు ఉంటుంది, దొడ్డికి వెళ్లే దారి వెనక ఉంటుంది, ఆ రెండింటి మధ్యలో ఇంకో దారి ఉంది. దాని పైన కడుపు కింది భాగంలో గర్భసంచి ఉంటుంది, చిన్న జామకాయంత. ఎప్పుడో పెద్దయ్యాక బిడ్డ పెరగాల్సి వస్తే కావాలని ప్రతి నెలా దాని లోపల మెత్తటి పొర తయారవుతుంది. బిడ్డ లేకపోతే ఆ పొరతో పనిలేదు, అది కొంచెం రక్తంతో కలిసి బయటకు వచ్చేస్తుంది. మళ్లీ కొత్తది తయారవుతుంది. దెబ్బ తగిలి వచ్చే రక్తం కాదు, చెడు రక్తమూ కాదు."

ఆ చివరి ముక్క వదిలేయకండి. చెడు రక్తం అన్న మాట ఎంత పని చేస్తుందో కింద చెప్తాను.

వెంటనే తర్వాతి ప్రశ్న వచ్చింది, "ఎంత వస్తుంది? బకెట్టా?" అని. పిల్లలందరూ ఇదే అడుగుతారు, మనమేమో "కొంచెమే" అని దాటేస్తాం. నేను వంటింట్లోంచి బీట్‌రూట్ ఉడికించిన నీళ్లు, దగ్గు మందుతో వచ్చే కొలత మూత తెచ్చాను. ఒక ప్యాడ్ విప్పి దాని మీద 5 మిల్లీలీటర్లు పోయమన్నాను తననే. ఎర్రగా ఎంతమేర పాకిందో చూసి కళ్లు పెద్దవి చేసింది. "చూశావా, ఒక చెంచాడే. చూడటానికి ఎంత ఎక్కువగా ఉందో. మొత్తం నాలుగైదు రోజులకీ కలిపి ఇలాంటివి ఏడెనిమిది చెంచాలు పోతాయి, అంతే." అదే నిజం కూడా, ఒక నెలసరిలో సగటున పోయేది 30, 40 మిల్లీలీటర్లు. 80 దాటితే ఎక్కువ పోతున్నట్టు లెక్క. మీరు కూడా ఒకసారి ఇలా చేసి చూపించండి, బాత్రూములో మొదటిసారి మరక చూసినప్పుడు ఆ బీట్‌రూట్ నీళ్లు గుర్తొస్తాయి, కంగారు తగ్గుతుంది.

అదే ప్యాడ్‌తో ఎలా పెట్టుకోవాలో కూడా అయిపోతుంది. జిగురు వైపు గుడ్డకు, మెత్తటి వైపు ఒంటికి అని మనకు తెలుసు, పిల్లకు తెలియదు, తిరగేసి పెట్టుకున్న వాళ్లను చూశాను. తడిసినా తడవకపోయినా నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి మార్చాలి. కడుక్కోవడానికి మామూలు నీళ్లు చాలు, లోపల సబ్బు, వాసన లోషన్లు వద్దు. గుడ్డ వాడేవాళ్లయితే ఉతికి ఎండలో ఆరేయాలి, మంచం కిందో చీర చాటునో తడి తడిగా దాచకూడదు. వాడిన ప్యాడ్ కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయాలి, కమోడ్‌లో కాదు.

స్కూల్లో వస్తే? ఒక చిన్న పర్సులో రెండు ప్యాడ్లు, ఒక లోదుస్తు, ఒక కాగితపు కవరు పెట్టి బ్యాగులో ఈ రోజే పెట్టండి. ఏ టీచర్‌కు చెప్పాలో పేరుతో సహా అనుకోండి. టీచర్ దొరక్కపోతే ఆయమ్మకు చెప్పొచ్చు. ఏమీ లేకపోతే చేతిరుమాలు మడిచి పెట్టుకుని ఇంటికి ఫోన్ చేయించమనాలి. మా చిన్నది ఇంకో ప్రశ్న అడిగింది, "నాన్నకు తెలుస్తుందా?" అని. దానికి నిజాయితీగా చెప్పండి, తెలుస్తుంది, తెలియాలి, ఒక రాత్రి ప్యాడ్లు అయిపోతే మెడికల్ షాపుకు వెళ్లేది ఆయనే కదా అని.

మొదటిసారి ఎర్రగా రాకపోవచ్చు, ఈ మాట ముందే చెప్పండి. చాలామందికి రెండు రోజులు గోధుమ రంగు మరకలు మాత్రమే కనిపించి ఆగిపోతాయి. అది కూడా నెలసరే.

ఇప్పుడు కొలతల సంగతి. మొదటి రెండేళ్లు తేదీలు కుదురుగా ఉండవు. మొదటిది అయ్యాక రెండోది నెలకు రావచ్చు, రెండు నెలలకు రావచ్చు. దీనికి కారణం ఉంది, అండం విడుదల చేయమని మెదడు పంపే సంకేతాలు, అండాశయాలు వాటికి స్పందించడం ఇంకా గాడిలో పడవు. అండం విడుదల కాని నెలల్లో గర్భసంచి పొర ఒక పద్ధతిగా రాలదు. ఒకోసారి ఆలస్యంగా వస్తుంది, ఒకోసారి పెరిగి పెరిగి ఎక్కువగా, ఎక్కువ రోజులు పోతుంది. ఈ వయసులో ఒకటి మొదలైన రోజు నుంచి ఇంకోటి మొదలైన రోజుకు 21 నుంచి 45 రోజుల గ్యాప్ మామూలు. మూడో ఏడు వచ్చేసరికి ఎక్కువమందికి ఇది 35 రోజుల లోపుకు సర్దుకుంటుంది. ఒక్కసారైనా 90 రోజులు దాటిపోతే చూపించాలి. రక్తం కనిపించే రోజులు రెండు నుంచి ఏడు. ప్యాడ్లు రోజుకు మూడు నుంచి ఆరు, అవీ పూర్తిగా తడిసినవి కానక్కర్లేదు.

ఇవన్నీ పాపకు కంఠతా రావాలని కాదు. ఆమె బీరువా తలుపు లోపల ఒక చిన్న క్యాలెండర్ అంటించండి. వచ్చిన రోజు చుక్క, ఆగిన రోజు చుక్క, ప్రతి రోజు గడిలో ఆ రోజు మార్చిన ప్యాడ్ల సంఖ్య. బాగా తడిస్తే ఆ సంఖ్య కింద గీత. ఫోన్లో యాప్‌లు ఉన్నాయి కానీ ఆ వయసుకు కాగితమే మంచిదని నా అభిప్రాయం, మీరూ ఒక చూపు చూడగలరు.

ఈ లెక్క ఎందుకంత పట్టుబట్టి చెప్తున్నానో ఒక పాప కథ చెప్తే తెలుస్తుంది. పేరు, ఊరు చెప్పను. 13 ఏళ్లు, పెద్దమనిషి అయి మూడు నెలలు. రెండో నెలసరి రెండు నెలల తర్వాత వచ్చింది, వచ్చింది కానీ ఆగలేదు. వారం అయింది, పది రోజులయ్యాయి. నాయనమ్మ "ఇన్నాళ్లు ఆగిన చెడు రక్తమంతా పోతోంది, పోనీ, ఆపకూడదు" అంది. పెద్దావిడ ప్రేమతోనే అంది, రోజూ చిమ్మిలి దంచి పెట్టింది కూడా. పిల్ల విడిగా వేరే గదిలో పడుకునేది కాబట్టి ఎన్ని ప్యాడ్లు మారుస్తోందో ఎవరికీ తెలియలేదు. తల్లి అడిగితే "వస్తోందమ్మా" అనేది, అంతే, ఎందుకంటే అందరికీ ఇలాగే వస్తుందని ఆమె అనుకుంది. 16వ రోజు ఉదయం బాత్రూములో కళ్లు తిరిగి పడిపోతే తీసుకొచ్చారు.

వచ్చేసరికి పెదవులు కాగితంలా ఉన్నాయి, నాడి నిమిషానికి 120 దాటింది. హిమోగ్లోబిన్ 5.8. ఆ వయసు పిల్లకు 12 ఉండాలి. నేను పక్కన కూర్చుని మెల్లగా అడిగాను, రోజుకు ఎన్ని మారుస్తున్నావమ్మా అని. "ఎనిమిదో తొమ్మిదో ఆంటీ." రాత్రి లేస్తున్నావా? "రెండు సార్లు." గడ్డలు పడుతున్నాయా? వేళ్లతో చూపించింది, రూపాయి బిళ్ల కంటే పెద్దవి. ఈ మూడు ప్రశ్నలు ఇంట్లో ఐదో రోజు అడిగి ఉంటే ఆ పిల్లకు రక్తం ఎక్కించాల్సిన పని ఉండేది కాదేమో.

డాక్టరమ్మ ఇంకో రెండు ప్రశ్నలు అడిగారు. చిన్నప్పుడు ముక్కులోంచి రక్తం కారేదా? కారేది, ఒకోసారి అరగంట దాకా ఆగేది కాదు. మీది మేనరికమా? అవును, మేనమామనే చేసుకుంది తల్లి. వాళ్లకు ఈ ప్రశ్నలకూ నెలసరికీ సంబంధం ఏమిటో అర్థం కాలేదు. సంబంధం ఉంది. రక్తం గడ్డకట్టడంలో పుట్టుకతో లోపం ఉన్న ఆడపిల్లల్లో చాలామందికి అది గట్టిగా బయటపడేది మొదటి నెలసరులతోనే. అంతకుముందు ముక్కులోంచి రక్తం కారడం, పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం, చిన్న దెబ్బకే నల్లగా కమిలిపోవడం, పన్ను పీకిస్తే గంటల తరబడి ఆగకపోవడం, ఇలా చిన్న చిన్నగా కనిపిస్తూ ఉంటుంది, ఎవరూ కలిపి చూడరు. ఇలాంటి లోపాల్లో కొన్ని తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు వైపుల నుంచీ వస్తేనే బయటపడే రకం. దగ్గరి రక్తసంబంధంలో పెళ్లి చేసుకున్న వాళ్ల పిల్లల్లో అలా కలిసే అవకాశం ఎక్కువ. మన వైపు మేనరికాలు ఇప్పటికీ తక్కువేమీ కాదు కాబట్టి ఈ ప్రశ్న మన పిల్లలకు తప్పకుండా అడగాల్సింది. తప్పు ఎవరిదో తేల్చడానికి కాదు, ఏ పరీక్ష రాయాలో తెలియడానికి.

ఆ పాపకు రక్తం ఎక్కించే ముందే పరీక్షలకు శాంపిల్ తీసి పెద్ద ల్యాబుకు పంపారు, ఎక్కించాక తీస్తే ఎవరిదో రక్తం కలిసి ఫలితం తప్పుదారి పట్టొచ్చు. వాన్ విల్లిబ్రాండ్ అనే లోపం ఉన్నట్టు తేలింది. రక్తం గడ్డకట్టడానికి సాయపడే ఒక పదార్థం తక్కువగా ఉండటం, అంతే. రెండు బాటిళ్ల రక్తం, రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు, కొన్ని వారాలు హార్మోన్ మాత్రలు, తర్వాత నెలల తరబడి ఐరన్. తల్లి హార్మోన్ మాత్రలు చూసి "ఇవి వేస్తే రేపు పిల్లలు పుట్టరేమో" అని ఏడ్చింది. అలా ఏమీ కాదు, అవి గర్భసంచి పొరను నిలబెట్టి రక్తం ఆపడానికి ఇచ్చినవి, మానేశాక శరీరం తన పని తను చేసుకుంటుంది. ఆ అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది, నెలసరి రోజుల్లో మాత్రలు వేసుకుంటుంది, పన్ను పీకించాలన్నా ముందు ఆ పరీక్ష కాగితం చూపిస్తుంది.

ఎక్కువ రక్తం పోయే పిల్లలందరికీ ఈ లోపం ఉండదు. ఎక్కువమందికి పైన చెప్పిన గాడిలో పడకపోవడమే కారణం. కొందరికి థైరాయిడ్, కొందరికి ప్లేట్‌లెట్లు తగ్గడం. ఏదైనా ఇంట్లో కూర్చుని తేల్చుకునేది కాదు. ఏడు రోజులు దాటినా, ప్యాడ్ రెండు గంటలకు ముందే పూర్తిగా తడిసిపోతున్నా, ప్యాడ్ మార్చడానికి రాత్రి నిద్ర లేవాల్సి వస్తున్నా, రూపాయి బిళ్లను మించిన గడ్డలు పడుతున్నా, 21 రోజులు తిరగకముందే మళ్లీ మళ్లీ వస్తున్నా ఆ వారంలోనే చూపించండి. వరసగా రెండు మూడు గంటలు గంటకో ప్యాడ్ నిండుతుంటే, లేచి నిలబడితే కళ్లు తిరుగుతుంటే, గుండె దడగా ఉంటే, మొహం పాలిపోతే మాత్రం తెల్లారేదాకా ఆగకండి, అర్ధరాత్రి అయినా తీసుకెళ్లాల్సిందే.

నొప్పి గురించి చెప్పేటప్పుడు ఒక తమాషా విషయం ఉంది. మొదటి కొన్ని నెలలు చాలామందికి పెద్దగా నొప్పి ఉండదు, ఆరు నెలలకో ఏడాదికో మొదలవుతుంది. తల్లులు "అప్పుడు లేని నొప్పి ఇప్పుడెందుకు, ఏదో తేడా వచ్చింది" అని కంగారుపడతారు. నిజానికి అండం సరిగ్గా విడుదల కావడం మొదలయ్యాకే పొరలోంచి వచ్చే పదార్థాలు గర్భసంచిని బిగించి నొప్పి పుట్టిస్తాయి, అంటే ఒక రకంగా వ్యవస్థ గాడిలో పడుతున్న గుర్తు. మొదటి ఒకటి రెండు రోజులు పొత్తికడుపులో, నడుములో, తొడల్లో లాగినట్టు ఉంటుంది. వేడినీళ్ల బ్యాగు గుడ్డలో చుట్టి 15, 20 నిమిషాలు పెడితే చాలామందికి తగ్గుతుంది. తగ్గకపోతే మాత్ర వేయొచ్చు, మాత్ర వేస్తే అలవాటైపోతుంది, గర్భసంచి పాడవుతుంది అన్నవి నిజం కాదు. కాకపోతే ఏ మాత్ర, ఎంత అన్నది పిల్ల బరువును బట్టి ఒకసారి డాక్టర్‌ను అడిగి రాయించుకోండి, ఏదైనా తిన్నాకే వేయాలి, నొప్పి భరించలేనంత అయ్యాక కాకుండా మొదలవగానే వేస్తే బాగా పనిచేస్తుంది. రక్తం ఎక్కువ పోయే పిల్లకు, ఆస్తమా ఉన్న పిల్లకు ఆ సంగతి చెప్పకుండా నొప్పి మాత్ర ఏదీ కొని వేయకండి, వాటిలో కొన్ని రక్తస్రావాన్ని పెంచుతాయి, కొన్ని ఆయాసం తెప్పిస్తాయి. ఆస్పిరిన్ అసలే వద్దు.

మాత్ర వేసినా ప్రతి నెలా స్కూలు మానాల్సి వస్తోందంటే, నెల నెలకూ పెరుగుతోందంటే, నెలసరి లేని రోజుల్లో కూడా నొప్పి వస్తోందంటే "పెళ్లయితే అదే తగ్గుతుంది" అన్న మాట విని ఊరుకోకండి, దానికి వైద్యం ఉంది. ఒక వైపున హఠాత్తుగా విపరీతమైన నొప్పి, వాంతులు వస్తే అది నెలసరి నొప్పి కాకపోవచ్చు, అండాశయం మెలిక పడినా, అపెండిక్స్ అయినా ఇలాగే ఉంటుంది. ఆ రోజే వెళ్లాలి.

రాని నెలసరి గురించి కూడా ఒక మాట. 15 నిండినా రాకపోతే, ఛాతీ మొదలై మూడేళ్లయినా రాకపోతే, 13 వచ్చినా ఛాతీయే మొదలవకపోతే చూపించాలి. అలాగే 8 నిండకముందే ఛాతీ వచ్చినా. వీటికంటే ఎక్కువగా తప్పిపోయేది ఇంకొకటి ఉంది. 14 ఏళ్ల పిల్ల, ఇంకా పెద్దమనిషి కాలేదు, ప్రతి నెలా నాలుగైదు రోజులు పొత్తికడుపు నొప్పి. ఇంట్లో గ్యాస్ అనుకుని సోడా తాగించేవాళ్లు. ఒకరోజు మూత్రం ఆగిపోయి వచ్చింది. లోపల నెలసరి వస్తూనే ఉంది, బయటికి వచ్చే దారిని పుట్టుకతోనే ఒక పల్చటి పొర మూసేసి ఉంది, నెలల రక్తం లోపలే నిలిచి మూత్రపు సంచిని నొక్కింది. చిన్న ఆపరేషన్‌తో పోయింది. నెలనెలా తేదీ ప్రకారం నొప్పి వస్తూ రక్తం కనపడకపోతే ఇది గుర్తు పెట్టుకోండి.

మీ అత్తయ్య గారితో గొడవ పెట్టుకోకండి. చిమ్మిలి, మినప సున్నుండలు, నెయ్యి పెట్టనివ్వండి, బెల్లం, నువ్వులు, మినుములు మంచి తిండే. ఉప్పు కారం లేని పథ్యం వద్దని, గుడ్డు, ఆకుకూర, పప్పు కూడా ఉండాలని చెప్పండి. స్కూల్లో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర చాలామంది పిల్లలు పారేస్తారు, మలం నల్లగా వస్తుందని, కడుపులో తిప్పుతుందని. అన్నం తిన్నాక వేసుకుంటే తిప్పడం తగ్గుతుంది, నలుపు ఐరన్ వల్లే. ఆ మాత్రకు ముందూ వెనకా గంట సేపు టీ, కాఫీ ఇవ్వకండి, ఐరన్ ఒంటికి పట్టదు. ఫంక్షన్ చేయాలా వద్దా అన్నది ముందు పాపను అడగండి. విడిగా కూర్చోబెట్టడం మాత్రం నేను ఒప్పుకోను, ఆ 13 ఏళ్ల పిల్లను చూశాక అసలే ఒప్పుకోను, వేరే గదిలో ఉన్న పిల్ల ప్యాడ్లు ఎవరూ లెక్కపెట్టరు. అత్తయ్య గారికి ఆ పనే అప్పగించి చూడండి. "మీరు పెద్దవారు, పాప రోజుకు ఎన్ని మారుస్తోందో మీరే కనుక్కోండి అత్తయ్యా" అని చెప్తే ఆవిడే మీకంటే ముందు గమనిస్తారు.

ఎప్పుడైనా డాక్టర్ దగ్గరకు వెళ్లాల్సి వస్తే ఆ క్యాలెండర్ ఊడదీసి తీసుకెళ్లండి. పాప చాలా భయపడేది లోపల చెయ్యి పెట్టి చూస్తారేమో అని, వెళ్లే ముందే చెప్పండి, ఈ వయసు పిల్లలకు మామూలుగా ఆ పరీక్ష చేయరు. నాడి, బీపీ, కనురెప్ప కింద రంగు చూస్తారు, కడుపు మీద చెయ్యి వేసి చూస్తారు, రక్తం తీస్తారు. ఎప్పుడైనా బయటి నుంచి చూడాల్సి వచ్చినా మీరు పక్కనే ఉంటారు, తను సరేనంటేనే చూస్తారు. స్కాన్ రాస్తే అది పొట్ట మీద జెల్లు రాసి చేసేదే. మూత్రపు సంచి నిండుగా ఉంటేనే గర్భసంచి కనిపిస్తుంది కాబట్టి గంట ముందు మూడు నాలుగు గ్లాసుల నీళ్లు తాగించి, పిలిచేదాకా బాత్రూముకు వెళ్లకుండా ఆపుకోమనండి. ఇంకో ప్యాడ్ బ్యాగులో పెట్టుకోండి.